బ్లేడ్, గేర్‌బాక్స్ తనిఖీ పత్రం: ఫీల్డ్ టెక్నీషియన్ల తెలుగు ప్రతి

ఉరవకొండ సైట్, 2 మెగావాట్ల గేర్‌బాక్స్ టర్బైన్లు, 53 మీటర్ల బ్లేడ్లు. గాలి సీజన్ మొదలవకముందే, ఫిబ్రవరి–మార్చి నెలల్లో చేసే తనిఖీకి. ఒక్కో టర్బైన్‌కి కనీసం ఇద్దరు వెళ్లాలి. ఒక్కరే ఎక్కకూడదు.

ముందుగా మాటల సంగతి

పాత తెలుగు కాగితంలో, ఇంగ్లిష్‌లో "చెక్" అని ఉన్న ప్రతిచోటా "సరిచేయాలి" అని రాశారు. అది నమ్మి ఒక కుర్రాడు హబ్‌లోకి దూరి, మార్కింగ్ గీత కాస్త జరిగిన రూట్ బోల్టుని తనకి తోచినంత బిగించి, చెరిగిన గీత మీద కొత్త గీత గీసి దిగాడు. ఆ బోల్టు ఎందుకు వదులైందో తెలుసుకునే ఆధారం అక్కడితో పోయింది. తప్పు అతనిది కాదు, కాగితానిది. అందుకే ఈ ప్రతిలో ఒక్కో పనికి ఒక్కో మాటే వాడాను.

చూడండి: కళ్లతో చూసి, ఫొటో తీసి, రాయండి. సరిచేయొద్దు.
తట్టండి: ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తట్టి శబ్దం వినండి.
కొలవండి: పరికరంతో కొలిచి అంకె వేయండి. "సుమారుగా" అని రాయొద్దు.
బిగించండి: క్యాలిబ్రేషన్ గడువు దాటని టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఇచ్చిన విలువకి. ఈ పత్రంలో ఈ మాట ఒక్కచోటే వస్తుంది.

బ్లేడ్, హబ్, నాసెల్, గేర్‌బాక్స్, బేరింగ్ అన్నవి మనం రోజూ అనే మాటలే కాబట్టి అలాగే ఉంచాను. గాలిని కోసే గుండ్రటి అంచు ముందంచు, పలచటి అంచు వెనకంచు. టర్బైన్ తిరిగేటప్పుడు గాలి తగిలే ముఖం గాలి ముఖం, టవర్ వైపు ఉండే ఉబ్బెత్తు ముఖం వీపు. బ్లేడ్‌ని ఫెదర్ చేసి ఆపితే ఈ దిశలు మారిపోతాయి. అప్పుడు ఉబ్బుని బట్టి వీపుని గుర్తుపట్టండి.

ఇక "క్రాక్". అన్నిటికీ ఈ ఒక్క మాటే రాసి పంపితే ఆఫీసులో ఉన్నవాళ్లకి ఏమీ అర్థం కాదు. నాలుగు రకాలుగా విడదీసి రాయండి:

గీత: పెయింట్ మీద మాత్రమే. గోరు ఆగదు.
వెంట్రుక పగులు: గోరుకి తగులుతుంది కానీ లోపలి ఫైబర్ కనబడదు.
పగులు: ఫైబర్ కనబడుతుంది, లేదా రెండు అంచుల మధ్య సందు ఉంటుంది.
పొర విడుపు: పైకి ఏమీ కనబడకపోవచ్చు, తడితే తెలుస్తుంది. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అదే పద్ధతి. గట్టి చోట ఖణీమంటుంది, పొర విడిన చోట మొద్దుగా పలుకుతుంది.

ప్రతి అంశానికి జవాబు మూడింటిలో ఒకటి: బాగుంది, లోపం, చూడలేదు. "చూడలేదు" అని రాసినందుకు ఎవరూ ఏమీ అనరు. కారణం రాస్తే చాలు: గాలి పెరిగింది, లైటు పనిచేయలేదు, చేయి అందలేదు. చూడకుండా "బాగుంది" అని రాస్తే మాత్రం ఆ టర్బైన్‌ని మళ్లీ ఎవరూ చూడరు.

1. ఎక్కేముందు

1.1 నాసెల్ దగ్గర 10 నిమిషాల సగటు గాలి చూడండి. సెకనుకి 10 మీటర్లు దాటితే రోటర్ లాక్ వేయొద్దు, హబ్‌లోకి వెళ్లొద్దు. ఇది మా సైట్ నియమం. మాన్యువల్‌లో ఇంకా తక్కువ ఉంటే అదే పాటించండి. మన దగ్గర పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది కాబట్టి హబ్ పని తెల్లవారగానే పెట్టుకోండి.

1.2 ఉరుము వినబడినా, మెరుపు కనబడినా ఎక్కొద్దు. పైన ఉంటే దిగండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

1.3 హార్నెస్, రెండు కొక్కేల లాన్‌యార్డ్, నిచ్చెన మీది ఫాల్ అరెస్టర్ చూడండి. కుట్లు ఊడినా, తనిఖీ తేదీ దాటినా పక్కన పెట్టేయండి. రెస్క్యూ కిట్ పైకి వెళ్తుందా, కిందే ఉంటుందా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి.

1.4 టర్బైన్‌ని ఆపి, రిమోట్ స్టార్ట్‌ని లోకల్‌కి మార్చి, తాళం వేసి ట్యాగ్ కట్టండి. తాళం చెవి ఎక్కే మనిషి జేబులోనే ఉండాలి. కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి చెప్పడం తాళం వేసినట్టు కాదు.

2. బ్లేడ్లు, నేల మీద నుంచి

బైనాక్యులర్, జూమ్ కెమెరా కావాలి. ఒక్కో బ్లేడ్‌ని కిందికి వేలాడేలా ఆపి నాలుగు వైపుల నుంచీ చూడాలి. సూర్యుడు మీ వీపు వైపు ఉంటే పగుళ్లు బాగా కనబడతాయి.

2.1 ముందంచు, ముఖ్యంగా చివరి మూడో వంతు చూడండి. రోటర్ నిమిషానికి 15 చుట్లు తిరిగితే చూసేవాళ్లకి నిదానంగా ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, బ్లేడ్ చివర గంటకి 300 కిలోమీటర్లు దాటి పోతుంది. ఆ వేగంలో వాన చినుకు, ఎర్రమట్టి రేణువు కూడా ఉలిలా చెక్కేస్తాయి. ఏ దశలో ఉందో రాయండి: పెయింట్ మెరుపు పోయిందా, గుంతలు పడ్డాయా, ఫైబర్ బయటపడిందా.

2.2 వెనకంచు చూడండి. రెండు పెంకులు అతికిన చోటు ఇదే. అతుకు విచ్చుకుంటే తొలుత సన్నటి నల్లగీతలా కనబడుతుంది. బ్లేడ్ పొడవునా సాగే గీత అయితే ఎంత పొడవుందో రాయండి.

2.3 పిడుగు రిసెప్టర్లు చూడండి. చుట్టూ మసి, కరిగిన అంచు, పెచ్చు లేచిన పెయింట్ ఉంటే పిడుగు పడిందని అర్థం. ఒక బ్లేడ్‌కి పడిందని తేలితే మిగతా రెండూ కూడా మళ్లీ చూడండి.

2.4 చివర ఉన్న నీటి రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. లోపల నీరు నిలిస్తే రోటర్ తూకం తప్పుతుంది. పైగా పిడుగు పడినప్పుడు ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై బ్లేడ్‌ని చీల్చగలదు.

2.5 శబ్దం. ఆపకముందు, తిరుగుతున్నప్పుడే సురక్షిత దూరంలో నిలబడి రెండు నిమిషాలు వినండి. మూడు బ్లేడ్ల "ఊష్" ఒకేలా ఉండాలి. ఒకటి ఈల వేస్తుంటే ఏదో ఒక రంధ్రమో, విచ్చుకున్న అతుకో ఉంది. చాలామంది పొలంలో పనిచేసేవాళ్లే మనకన్నా ముందు పసిగడతారు. "ఆ ఫ్యాను కూతేస్తాంది సార్" అని వేరుశనగ చేలో ఎవరైనా అంటే, తేదీతో సహా రాసుకోండి.

లోపం రాసే తీరుకి నమూనా: "బ్లేడ్ బి, ముందంచు, రూట్ నుంచి 44 మీటర్లు, గుంతలు, పొడవు 60 సెంటీమీటర్లు, ఫైబర్ కనబడలేదు, ఫొటోలు 3." ఇంతే చాలు. "బ్లేడ్ కొంచెం పాడైంది" అని మాత్రం రాయొద్దు.

3. హబ్, బ్లేడ్ రూట్

3.1 రోటర్ లాక్ పిన్నులు పూర్తిగా కూర్చున్నాయని ఇద్దరూ విడివిడిగా చూడండి. బ్రేక్ వేసి ఉంది కదా అని లాక్ లేకుండా హబ్‌లోకి వెళ్లొద్దు. పిచ్ బ్యాటరీ ప్యానెల్ ఐసొలేట్ చేయండి. మెయిన్ సప్లై తీసేసినా బ్యాటరీతో బ్లేడ్ తిరగగలదు.

3.2 రూట్ బోల్టుల మార్కింగ్ గీతలు చూడండి. గీత జరిగితే బోల్టు నంబరు రాసి ఫొటో తీయండి. ముట్టుకోవద్దు, గీత మళ్లీ గీయొద్దు. బోల్టు తల విరిగి హబ్‌లో పడి ఉంటే 6వ భాగం చదవండి.

3.3 రూట్ లోపలి గోడని టార్చ్ పక్కకి వాల్చి పట్టుకుని చూడండి. ఎదురుగా వేస్తే పగులు దాక్కుంటుంది. అనుమానం వచ్చిన చోట తట్టండి. శబ్దం మారిన చోటు హద్దుని చాక్‌పీస్‌తో గీసి, స్కేలు పెట్టి ఫొటో తీయండి.

3.4 పిచ్ బేరింగ్ సీల్ నుంచి గ్రీజు కారుతోందేమో చూడండి. కారిన గ్రీజులో ఇనుప మెరుపు కనబడితే లోపం.

3.5 పిడుగు కేబుల్ రెసిస్టెన్స్, రిసెప్టర్ నుంచి రూట్ వరకు: ఇది రోప్ టీమ్ వచ్చినప్పుడే కొలవాలి. మీరు "చూడలేదు, రోప్ టీమ్ పని" అని రాయండి.

4. గేర్‌బాక్స్, బయటినుంచి

4.1 ఆయిల్ శాంపిల్ అన్నిటికన్నా ముందు తీయండి. ఆయిల్ వేడిగా ఉండగానే, ఆపిన అరగంట లోపల. శాంపిల్ కుళాయిలో నిలిచిన ఆయిల్‌ని వేరే డబ్బాలోకి వదిలేసి, ఆ తర్వాతే సీసా పట్టండి. సీసా మూత చివరి క్షణం వరకు తీయొద్దు. మన దుమ్ము అందులో పడితే, గేర్‌బాక్స్ అరుగుతోందని ల్యాబ్ చెబుతుంది. సీసా మీద టర్బైన్ నంబరు, తేదీ, ఆయిల్ పోసి ఎన్ని గంటలైందో రాయండి.

4.2 ఆయిల్ మట్టం గాజు గొట్టంలో చూడండి, నురుగు అణిగాక. మనం వాడేది వీజీ 320 సింథటిక్ ఆయిల్. పాలలా తెల్లబడితే నీరు కలిసింది. మాడిన వాసన వస్తే బాగా వేడెక్కింది.

4.3 బ్రీదర్ గింజల రంగు చూడండి. నీలం గులాబీ రంగులోకి మారితే తేమ పట్టినట్టు. మనకి ఎండాకాలంలో రంగు మారకముందే ఎర్రదుమ్ముతో బ్రీదర్ మూసుకుపోతుంది. అది కూడా లోపమే.

4.4 అయస్కాంత ప్లగ్ తీసి చూడండి. నల్లటి మెత్తటి పేస్ట్ మామూలే. వేళ్ల మధ్య రుద్దితే గరుకుగా తగిలే మెరిసే రేకులు ఉంటే బేరింగో పన్నో పెచ్చులూడుతోంది. వాటిని తుడిచేయొద్దు, కవర్‌లో వేసి శాంపిల్‌తో పంపండి.

4.5 టార్క్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల కింద నల్లటి పొడి రాలిందేమో చూడండి. ష్రింక్ డిస్క్ మీది గీత జరిగితే షాఫ్ట్ జారింది.

4.6 బ్రేక్ డిస్క్ మందం కొలవండి. పగుళ్లు, నీలం రంగు మచ్చలు చూడండి.

5. గేర్‌బాక్స్ లోపల

5.1 మూత తెరిచేముందు జేబులు ఖాళీ చేయండి. పెన్ను, ఫోను, ఉంగరం, తాళాలు అన్నీ. సామాన్లు లెక్కపెట్టి అంకె రాయండి. ఒక్క నట్టు లోపల పడితే గేర్‌బాక్స్ మొత్తం దించాల్సి రావచ్చు.

5.2 పళ్లను బోర్‌స్కోప్‌తో చూడండి. ఏం కనబడిందో ఈ మాటల్లో రాయండి. బూడిద రంగు మసక: పన్ను మెరుపు పోయి పొగ పట్టినట్టు ఉంటుంది. గుంతలు: చిన్న చుక్కల్లా మొదలై కలిసిపోతాయి. గీరుడు: పన్ను ఎత్తు దిశలో సాగిన గీతలు, ఆయిల్ పొర తెగిందని గుర్తు. పన్ను మొదలు దగ్గర పగులు: ఇది ఒక్కటి కనబడితే చాలు, తనిఖీ అక్కడే ఆపేయండి.

5.3 హైస్పీడ్ షాఫ్ట్ బేరింగ్ లోపలి రింగు చూడండి. షాఫ్ట్ పొడవు దిశలో సన్నటి పగులు ఉంటే లోపం. రోలర్లు నున్నగా ఉన్నాయి కదా అని వదిలేయొద్దు.

5.4 మిగతా పళ్లు చూడటానికి షాఫ్ట్ తిప్పాలి. చేతులు, బోర్‌స్కోప్ బయటికి తీసి, హబ్‌లో ఎవరైనా ఉన్నారా అని గొంతెత్తి అడిగి, తోటి మనిషి జవాబు విన్నాకే రోటర్ లాక్ తీయండి. తిప్పి, మళ్లీ లాక్ వేసి, చూడండి. విసుగు పుట్టే పనే. లాక్ తీసి ఉన్నంతసేపూ లోపల చెయ్యి పెట్టకూడదు, అంతే.

5.5 సామాన్లు మళ్లీ లెక్కపెట్టండి. అంకె కలిస్తే మూత పెట్టి బోల్టులు బిగించండి. కలవకపోతే దొరికేదాకా మూత పెట్టొద్దు.

6. టర్బైన్ నడపకూడని లోపాలు

విరిగిన రూట్ బోల్టు. ఫైబర్ కనబడే పగులు. విచ్చుకున్న వెనకంచు. పన్ను మొదలు దగ్గర పగులు. జారిన ష్రింక్ డిస్క్. వీటిలో ఏది కనబడినా తాళం తీయొద్దు. సైట్ ఇంజనీరుకి ఫోన్ చేసి, ఫొటో పంపి, వాళ్లు రాతపూర్వకంగా చెప్పాకే మిగతా మాట. "ఈ ఒక్క గాలికి తిప్పుదాం" అని ఎవరన్నా సరే, వాళ్ల పేరు, అన్న సమయం పత్రంలో రాయండి.

7. దిగేముందు

7.1 కారిన ఆయిల్ తుడిచి, గుడ్డలన్నీ సంచిలో వేసి కిందికి తెండి.

7.2 రోటర్ లాక్ తీశాక పిన్నులు పూర్తిగా వెనక్కి వచ్చాయా అని ఇద్దరూ చూడండి.

7.3 తాళం వేసినవాళ్లే తాళం తీయాలి. స్టార్ట్ చేశాక 10 నిమిషాలు టవర్ బయట, సురక్షిత దూరంలో నిలబడి వినండి. పొద్దున విన్న శబ్దంతో పోల్చి, తేడా ఉంటే 2.5 పక్కన రాయండి.