జూన్ నెల ఇంటి లెక్క

(బీరువా తలుపు లోపల అంటించాను. జూలై 1న కొత్తది రాస్తాను.)

జీతం ఖాతాలో పడింది: 52,400

పోయిన నెల అన్నీ ఒకే ఖాతాలో ఉండి, మనం వాడేసుకున్నాక 5వ తేదీన బండి ఈఎంఐ బౌన్సయింది. 590 రూపాయలు ఊరికే పోయాయి. అందుకే ఈ నెల నుంచి జీతం ఖాతా దారి మాత్రమే. 1వ తేదీనే డబ్బు మూడు ఖాతాలకు వెళ్లిపోతుంది. జీతం ఖాతా కార్డు బీరువాలోనే ఉంటుంది, ఫోన్లో యూపీఐ తీసేశాను. మీ ఫోన్లో కూడా తీసేయండి.

బిల్లుల ఖాతాకు: 26,000

అద్దె 9,500
పాప స్కూలు ఫీజు, ఈ నెల వాటా 4,000
బండి ఈఎంఐ 3,150
కరెంటు 1,850 (మే నెలంతా కూలరు ఆగలేదు కదా)
పాలు 1,800
అత్తమ్మ బీపీ, షుగరు మందులు 1,600
ఇంటర్నెట్, మూడు ఫోన్ల రీచార్జీ 1,250
టర్మ్ పాలసీ 1,200
గ్యాసు 900

మొత్తం 25,250. మిగతా 750 అక్కడే ఉండనీండి, కరెంటు బిల్లును నమ్మలేం. పాలసీ ప్రీమియం ఏడాదికి ఒక్కసారే, 14,400. నెలనెలా పక్కన పెడితే కట్టే రోజు అప్పు చేయక్కర్లేదు. ఇందులో అత్తమ్మ మందులకు తప్ప దేనికీ చేయి పెట్టొద్దు.

పొదుపు ఖాతాకు: 10,000

పాప సుకన్య సమృద్ధికి 3,000, ఆర్‌డీకి 4,000, ఆపద డబ్బు 3,000. సుకన్య డబ్బు 5వ తేదీ లోపే కట్టాలి. 5 దాటితే ఆ డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు.

ఖర్చుల ఖాతాకు: 15,000

ఇద్దరి ఫోన్లలో యూపీఐ దీనికే. ఒకేసారి వేయను. 1న 8,000 వేస్తాను: సోనా మసూరి మూట, పప్పులు, నూనె, జొన్నపిండి కలిపి అంగడికి 5,500, పాప యూనిఫాం, నోటుబుక్కులకు 2,500. బడి 12న తెరుస్తారు, షూ మాత్రం పాతవే సరిపోతాయి, చూశాను.

మిగతా 7,000 ఆదివారం ఆదివారం 1,750 చొప్పున నాలుగుసార్లు. కూరగాయలు, గుడ్లు, చికెన్ 3,800, పెట్రోలు 2,000, నంద్యాలకు పెళ్లికి ఛార్జీలు, చదివింపులు 1,200. కూరగాయలు సి.క్యాంపు రైతుబజారులోనే, సాయంత్రం ఇంటి ముందుకొచ్చే బండి దగ్గర వద్దు. మీరు ఆఫీసు దగ్గర తినే ఉగ్గాని బజ్జి కూడా ఈ 1,750 లోంచే. వారం మధ్యలో అయిపోతే ఆదివారం దాకా ఆగాలి, నేనూ ఆగుతాను.

జీతం ఖాతాలో మిగిలేది 1,400. జూలైలో అది పొదుపులోకి వెళ్తుంది. ఏసీ మాట దసరా దాటాక.