చప్పట్లు, గిలకలతో లయ పాఠం

తరగతి: ఐదేళ్ల పిల్లలు, పద్దెనిమిది మంది
వ్యవధి: 30 నిమిషాలు
నిర్వహణ: ఒక ఉపాధ్యాయిని, ఒక సహాయకురాలు

ఈ పాఠం పూర్తయ్యేసరికి పిల్లలు నాలుగు దెబ్బల చిన్న వరుసను విని అదే వేగంతో తిరిగి వాయించగలగాలి, అందులో నిశ్శబ్దంగా ఉండవలసిన దెబ్బ దగ్గర నిజంగా ఆగగలగాలి. మొదటిది చాలామందికి త్వరగానే పట్టుబడుతుంది. రెండవది కష్టం. చేతిలో చప్పుడు చేసే వస్తువు ఉన్నప్పుడు ఆగడం ఐదేళ్ల వయసుకు సహజంగా వచ్చే పని కాదు. అందుకే పాఠంలోని ప్రతి వరుస ఒక నిశ్శబ్దంతో ముగుస్తుంది.

ముందు రోజు సిద్ధం చేయవలసినవి

ఇరవై గిలకలు కావాలి, అంటే పిల్లలకు ఒక్కొక్కటి, పైన రెండు అదనం. మూత బిగుతుగా పట్టే 250 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాలు పిల్లల చేతికి సరిపోతాయి. గరాటుతో గింజలు పోసే పని పిల్లల చేతనే చేయించాలి. సీసాలో నాలుగో వంతుకు మించకుండా పోయించాలి, ఎందుకంటే చప్పుడు గింజలు ఎగిరి గోడకు తగిలినప్పుడే పుడుతుంది. సీసా నిండిపోతే అవి కదలడానికి చోటు లేక శబ్దం మొద్దుబారుతుంది. సగం సీసాల్లో బియ్యం, మిగిలిన సగంలో ఎండిన పెద్ద చిక్కుడు గింజలు పోయిస్తే మెత్తని శబ్దం, గట్టి శబ్దం అనే రెండు జట్లు ఏర్పడతాయి. రేకు డబ్బాలను మాత్రం వాడవద్దు. మూసి ఉన్న గదిలో పద్దెనిమిది రేకు డబ్బాలు ఒకేసారి మోగితే పాఠం అక్కడితో ఆగిపోతుంది.

మూతలు బిగించే పని పెద్దలది. మూత లోపలి అంచుకు జిగురు రాసి, బిగించి, పైన వెడల్పాటి టేపు రెండు చుట్లు చుట్టాలి. చిన్న గింజలు గొంతులో, ముక్కులో ఇరుక్కునే ప్రమాదం ఉన్నందున పోసేటప్పుడు సహాయకురాలు పిల్లల పక్కనే ఉండాలి, పాఠం మొదలయ్యే ముందు ప్రతి సీసానూ తలకిందులుగా ఊపి చూడాలి. పగులు కనిపించిన సీసాను తీసేసి అదనపు గిలకను ఇవ్వాలి. పెద్ద శబ్దానికి బెదిరే పిల్లల కోసం సన్నని ఇసుక పోసి రెండు వైపులా మూసిన అట్టగొట్టాలు రెండు విడిగా ఉంచాలి.

మొదటి ఐదు నిమిషాలు: అడుగులు

గిలకలన్నీ మూత ఉన్న పెట్టెలో, పిల్లలకు కనిపించని చోట ఉండాలి. పిల్లలు వలయంగా నిలబడి ఉన్నచోటనే అడుగులు వేస్తారు. ఉపాధ్యాయిని ముందుగా తన వేగాన్ని వారిపై రుద్దకుండా, వారు సహజంగా వేస్తున్న అడుగుల వేగాన్ని పట్టుకొని దానికి తగ్గట్టు చప్పట్లు కొట్టాలి. చిన్నపిల్లల సహజ వేగం పెద్దలకన్నా ఎక్కువగా ఉంటుంది కనుక నిమిషానికి సుమారు 110 నుంచి 120 దెబ్బలు రావచ్చు. నెమ్మదిగా కొడితే వారికి తేలిక అవుతుందని మనం అనుకుంటాం, కానీ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ పెరిగేకొద్దీ వారు వేచి ఉండలేక ముందుకు ఉరుకుతారు.

తరువాతి ఎనిమిది నిమిషాలు: చప్పట్లు

పిల్లలను కూర్చోబెట్టి ఇలా చెప్పాలి: "పిల్లలూ, నేను పిల్లిని పిలుస్తాను. నా మాట, నా చప్పట్లు అయిపోయాక మీరూ అలాగే పిలవాలి. 'ష్' అన్నప్పుడు చేతులు రెండూ విప్పి గాలిలో పెట్టాలి. అప్పుడు పిల్లి వస్తుందో లేదో వినాలి."

రా – రా – రా – ష్
రా – పిల్లీ – రా – ష్
పిల్లీ – పిల్లీ – రా – ష్

"రా" అన్నచోట ఒక దెబ్బకు ఒక చప్పట. "పిల్లీ" అన్నచోట అదే ఒక్క దెబ్బ కాలంలో రెండు చప్పట్లు. మాట నోట్లో ఉన్నంతసేపూ చేతులు దాని వెంటే నడుస్తాయి కాబట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టించనవసరం లేదు. ఒక్కో వరుసను తరగతి అంతా తడబడకుండా చేసేవరకు అక్కడే ఉండి, ఆ తరువాతే ముందుకు వెళ్లాలి. మూడవ వరుసలో వేగం పెరిగిపోవడం ఖాయం. అప్పుడు "నెమ్మది" అని ఆపకుండా, ఉపాధ్యాయిని తన మోకాలిపై దెబ్బను స్పష్టంగా తడుతూ ఉంటే తరగతి మెల్లగా దారికి వస్తుంది. వరుసలు నోటికి వచ్చాక మాటలను పెదవుల కదలికకు తగ్గించి, చప్పట్లు మాత్రమే వినిపించేలా ఒకసారి చేయించాలి.

పది నిమిషాలు: గిలకలు

పంచే ముందే విశ్రాంతి స్థానం నేర్పాలి: గిలక ఒడిలో, రెండు చేతులూ దానిపైన. "గిలక ఇప్పుడు నిద్రపోతోంది. నేను చేయి ఎత్తినప్పుడే లేస్తుంది" అని చెప్పి, సహాయకురాలు పంచుతుండగా అందరూ ఆ స్థానంలోనే ఉండేలా చూడాలి. అందరికీ అందాక పది లెక్కపెట్టేవరకు ఇష్టం వచ్చినట్టు ఊపనివ్వాలి. ఈ అవకాశం ఇవ్వకపోతే ఆ ఊపుడు పాఠం మధ్యలో బయటపడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చప్పట ఒక్కసారే మోగుతుంది, కానీ గిలకను ముందుకు ఊపి వెనక్కి తీసుకుంటే రెండు వైపులా గింజలు తగిలి రెండు శబ్దాలు వస్తాయి. అందువల్ల "రా" అనుకొని ఊపిన పిల్లవాడికి "పిల్లీ" వినిపిస్తుంది. తప్పు పిల్లవాడిది కాదు, వస్తువుది. కాబట్టి "రా" కోసం గిలకను రెండో అరచేతిలో ఒకసారి తట్టి అక్కడే ఆపడం నేర్పాలి; "పిల్లీ" కోసం ముందుకూ వెనక్కూ ఒకసారి ఊపడం నేర్పాలి. "ష్" అన్నప్పుడు గిలకను గుండెకు ఆనించి పట్టుకోవాలి, లేకపోతే చేయి ఆగినా గింజలు జారుతూ గుసగుసలాడుతూనే ఉంటాయి. ఈ మూడు కదలికలను విడివిడిగా చేయించాకే పై మూడు వరుసలను అదే క్రమంలో గిలకలతో వాయించాలి.

చివరి ఏడు నిమిషాలు: రెండు జట్లు

బియ్యం గిలకల వారు ఒకవైపు, చిక్కుడు గింజల వారు మరొకవైపు కూర్చుంటారు. మొదటి జట్టు ఒక వరుసను వాయిస్తే రెండవ జట్టు అదే వరుసతో బదులిస్తుంది. వినే జట్టు గిలకలు నిద్రలో ఉండాలి. కుదిరితే ఒక జట్టు చప్పట్లతో దెబ్బను నిలుపుతుండగా రెండవ జట్టు "పిల్లీ – పిల్లీ – రా – ష్" వాయించవచ్చు. అయితే రెండు వేర్వేరు పనులు ఒకేసారి వినిపించేసరికి చాలామంది పక్కజట్టు వైపు జారిపోతారు. తరగతి అలసినట్టు కనిపిస్తే దీన్ని మరో రోజుకు వదిలివేయడమే మేలు. ఆఖరి రెండు నిమిషాల్లో ఒక్కొక్కరు చప్పుడు రాకుండా గిలకను పెట్టెలో పెట్టి రావాలి. ఆగడంలో ఇది కూడా సాధనే, పైగా పిల్లలు దీన్ని పోటీగా తీసుకుంటారు.

గమనించవలసినవి

ఒక్కో బిడ్డ విషయంలో రెండు సంగతులు చాలు: దెబ్బ నిలిచిందా, "ష్" దగ్గర చేయి ఆగిందా. వరుస సరిగా వచ్చి దెబ్బ జారిన వారికి తరువాతి పాఠంలో నడకతో కూడిన ఆటలు ఎక్కువ ఇవ్వాలి. దెబ్బ నిలిచి ఆగలేకపోయిన వారికి "రా – ష్ – రా – ష్" అనే వరుసతో మొదలుపెట్టాలి. చేతులు కదపకుండా చూస్తూ కూర్చున్న బిడ్డను బలవంతం చేయవద్దు. అలాంటి బిడ్డ కాలి వేళ్లు కదులుతున్నాయేమో చూసి, కదులుతుంటే దెబ్బ నిలిచినట్టుగానే నమోదు చేయాలి.