పదమూడో ఎక్కం

ఉద్యోగ విరమణ చేసి రెండేళ్ళు గడిచినా, సర్వేయరు మూర్తికి నేలను చూస్తే కొలవకుండా ఉండడం చేతకాలేదు. ఆ ఆదివారం తెల్లవారుజామున పార్కులో చెట్ల వెంట తిరిగే మట్టిబాటను అంగలు లెక్కపెట్టుకుంటూ ఒకసారి చుట్టి వచ్చి, బెంచీ మీద కూర్చుని ఉన్న సదాశివం ముందు నిలబడ్డాడు.

"720 అంగలు. నా అంగ 75 సెంటీమీటర్లు. అంటే చుట్టు 540 మీటర్లు."

"ఎందుకోయ్ ఈ కొలత?"

"మనం పరుగెత్తడానికి."

సదాశివం నవ్వలేదు. ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి కనుక, ఎదుటివాడు నిజంగా అడుగుతున్నాడో లేదో కళ్ళలోనే పోల్చుకోగలడు. భార్య పోయిన తరువాత మూర్తి తనంతట తానుగా ఒక పని తలపెట్టడం ఇదే మొదటిసారి అని కూడా అతనికి తెలుసు. "డాక్టరును అడిగి చెబుతాను" అన్నాడు.

డాక్టరు పరీక్షలు చేసి ఒప్పుకున్నారు గాని ఒక హెచ్చరిక చేశారు. సదాశివం రక్తపోటుకు వాడుతున్న బీటా బ్లాకర్ మాత్ర గుండె వేగాన్ని అణచి ఉంచుతుంది కాబట్టి, నాడి చూసుకుని శ్రమను అంచనా వేయకూడదు. పరుగులో మాట తడబడకుండా వస్తున్నంత వరకే ఆ వేగం అతనికి తగినది. ఆ మాట విన్నప్పుడే సదాశివానికి ఎక్కాలు గుర్తుకు వచ్చాయి. ఒకరు ప్రశ్న వేస్తే రెండోవారు జవాబు చెప్పాలి, జవాబు ఆగిన చోట ఇద్దరూ నడకకు దిగాలి. మరీ తేలిక కాకుండా పదమూడో ఎక్కాన్ని ఎంచుకున్నారు.

అలా ప్రతి ఆదివారం మొదలైంది. ముందు ఒక చుట్టు నడక, ఆపైన ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, చివర మళ్ళీ మెల్లగా ఒక చుట్టు. మొదటి వారం పరుగు ముగిశాక రెండు రోజులపాటు మెట్లు దిగడం ఇద్దరికీ కష్టమైంది. తక్కిన రోజుల్లో ఎవరి వీధిలో వాళ్ళు నడిచేవారు; పరుగు మాత్రం కలిసే చేయాలన్నది సదాశివం పెట్టిన నియమం. ఆరో వారానికి నిమిషం పరుగు మూడు నిమిషాలైంది. చలి ఉదయాలలో ఆ ఇద్దరి గొంతులూ పార్కు ఈ కొస నుంచి ఆ కొసకు వినిపించేవి. వినడానికి ఎంతో హాయిగా ఉండేది.

తొమ్మిదో ఆదివారం మూర్తికి కాళ్ళు తేలికగా అనిపించాయి. ఆగకుండా రెండు చుట్లు పూర్తి చేయాలన్న కోరిక పుట్టి వేగం పెంచాడు.

"పదమూడు అయిదులు?"

"అరవై... అయిదు."

"పదమూడు ఆర్లు?"

జవాబు రాలేదు. మూర్తి ఆ నిశ్శబ్దాన్ని విన్నాడు. విని కూడా, ఇంకో వంద మీటర్లే కదా అనుకుని వెనుదిరగలేదు. దాని తరువాత వినిపించినది సదాశివం కేక. ఎడమ పిక్క కండరం పట్టేసి, అతను బాట అంచున గడ్డిమీద కూలబడి ఉన్నాడు.

కండరం కొంత చిట్లిందని, మూడు వారాలు పరుగు వద్దని డాక్టరు చెప్పారు. మూర్తి మూడు రోజులు వరుసగా వెళ్ళి, ఐసు ముక్కల సంచీ పట్టుకుని కాలి దగ్గర కూర్చున్నాడు. మూడో రోజున, "నువ్వు ఆగిపోవడం నాకు తెలిసింది సదాశివం. తెలిసే వెళ్ళాను" అన్నాడు. సదాశివం చాలాసేపు కట్టు వైపే చూసి, "ఆదివారం మానకు" అన్నాడు.

మానకూడదనే మూర్తి ఒక్కడే వెళ్ళాడు. నడక చుట్టు ముగించి పరుగు అందుకున్నాడు గాని, పక్కన మరో అడుగుల చప్పుడు లేని ఆ బాట అతనికి తాను కొలిచిన దానికంటే చాలా పొడవుగా తోచింది. ప్రశ్నా జవాబూ రెండూ తానే చెప్పుకున్నాడు. ఏడు వరకు చెప్పేసరికి గొంతు పూడుకుపోయింది. అది ఆయాసం కాదని అతనికి తెలుసు. అయినా అలవాటుకొద్దీ నోరు కదిలింది.

"పదమూడు ఎనిమిదులు?"

"నూట నాలుగు!"

మలుపు దగ్గరి బెంచీ మీద, కట్టు కట్టిన కాలు చాపుకుని, పక్కన చేతికర్ర ఆనించుకుని సదాశివం కూర్చుని ఉన్నాడు. మూర్తి ఆగబోయాడు. ఆగవద్దని సదాశివం చేయి ఊపి, బాట వైపు చూపించాడు.

"పదమూడు తొమ్ములు?" అని ఈసారి అతనే అడిగాడు.

మూర్తి వేగం తగ్గించి, ఊపిరి నిలుపుకుని, వెనక్కి వినబడేంత గట్టిగా జవాబు చెప్పాడు.