పనితీరు మదింపు: 1 నుంచి 5 వరకు ఏ అంకెకు ఏమి అర్థం

జీడిపప్పు ప్రాసెసింగ్ యూనిట్, పలాస
తేదీ: 2026 మార్చి 9
అన్ని విభాగాల సూపర్‌వైజర్లకు, స్టోర్, అకౌంట్స్ ఇన్‌చార్జిలకు
మదింపు కాలం: 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు

పోయిన ఏడాది ఫారాలను పక్కపక్కన పెట్టి చూస్తే గ్రేడింగ్‌లో దాదాపు అందరికీ 4, పీలింగ్‌లో దాదాపు అందరికీ 3 పడ్డాయి. రిజిస్టర్లు తిరగేస్తే రెండు విభాగాల పనిలో అంత తేడా కనబడదు. తేడా అంతా మార్కులు వేసిన చేతుల్లోనే ఉంది. డబ్ల్యూ-320 అంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు. కాశీబుగ్గలో లెక్కపెట్టినా, ఓడ దిగాక కొన్నవాడు లెక్కపెట్టినా అంతే. జీతం పెంపు ఆధారపడే అంకెకు కూడా అలాంటి కొలత ఒకటి ఉండాలి. ఈ ఏడాది నుంచి కింద రాసిన అర్థాలే అన్ని విభాగాలకూ వర్తిస్తాయి.

ముందుగా 3 గురించి. మిగతా నాలుగు అంకెలనూ దీన్ని బట్టే నిర్ణయిస్తాం.

3: తన పనిని పూర్తిగా చేసేవారు

ఆ ఉద్యోగానికి మనం రాసుకున్న బాధ్యతలన్నీ ఏడాది పొడవునా నెరవేర్చిన వ్యక్తికి 3. బోర్మా ఆపరేటర్ అయితే ట్రేలు వేళకు ఎక్కించి దించుతారు, ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు రిజిస్టరులో రాస్తారు, పప్పు మాడుతున్నట్టు వాసన తగలగానే చూస్తారు. గ్రేడర్ అయితే గుండ్లలో బద్దలు కలవనివ్వరు, రీచెక్‌లో వారి ట్రే వెనక్కి రావడం అరుదు. ప్యాకింగ్‌లో ఉన్నవారు తేమ 5 శాతం దాటిన లాటును డబ్బాల్లోకి వెళ్లనివ్వరు. వీరి చేత తప్పే జరగదని కాదు. జరిగితే ఒకసారి చెబితే సరిపోతుంది, అదే తప్పు మళ్లీ కనబడదు.

చాలామంది 3ను నూటికి అరవైగా చదువుకుంటున్నారు. బడిలో పిల్లవాడికి అరవై వస్తే ఇంట్లో ముఖాలు చిన్నబోతాయి కదా, ఆ భయంతోనే మంచి పనివారికి 3 వేయడానికి మీకు చేయి రావడం లేదు. ఈ 3కు, ఆ లెక్కకు సంబంధం లేదు. 3 వచ్చినవారు మనం అడిగినదంతా ఇచ్చినట్టు. మన యూనిట్‌లో ఎక్కువమందికి 3 రావడం సహజం, అందులో చిన్నతనం ఏమీ లేదు.

4: తన పనికి మించి, కంటికి కనబడే మేలు చేసినవారు

3లో చెప్పినదంతా ఉండాలి. దానికి తోడు ఏడాదిలో కనీసం రెండు వేర్వేరు సందర్భాల్లో వారి చొరవ వల్ల పని మెరుగుపడి ఉండాలి. అది రిజిస్టరులోనో, లాటు రిపోర్టులోనో దొరకాలి. ఉదాహరణకు, ట్రేల వరస మార్చి మాడిన పప్పును తగ్గించిన ఆపరేటర్. కొత్తగా చేరినవారిని పక్కన కూర్చోబెట్టుకుని, పప్పు విరగకుండా పొట్టు తీయడం నేర్పి, ఆ బల్ల దగ్గర ముక్కల శాతం తగ్గించినవారు.

ఇక్కడే మన చేయి జారుతోంది. కింది కారణాలు 4కు చాలవు: ఎక్కువ గంటలు పనిచేయడం (దానికి ఓవర్‌టైమ్ ఇస్తున్నాం), పదిహేనేళ్ల సర్వీసు, సెలవు పెట్టకపోవడం, చెప్పిన మాటకు ఎదురు చెప్పకపోవడం. చివరిది మరీ ముఖ్యం. పీలింగ్, గ్రేడింగ్‌లలో ఎక్కువమంది మహిళలే. ‘నెమ్మదస్తురాలు, గొడవ పెట్టదు’ అని రాసి 4 వేసిన ఫారాలు చూశాను. ‘నోరెక్కువ’ అని రాసి 2 వేసినవీ చూశాను. బూజు వాసన వస్తోందని లాటును ఆపించిన మనిషికి నోరెక్కువే కావచ్చు. ఆ లాటు సంగతి నిజమని తేలితే అది 4కు సాక్ష్యం.

5: అరుదు

వారు మొదలుపెట్టిన పద్ధతి వారు సెలవులో ఉన్నప్పుడు కూడా నడుస్తూ ఉండాలి, దాన్ని మరో షిఫ్టుగానీ విభాగంగానీ అందుకుని ఉండాలి. 5 వేయాలనుకుంటే ఫారం నింపే ముందే నాతో మాట్లాడండి. ఒక విభాగంలో ఒక్క 5 కూడా లేకపోతే తప్పు కాదు. ఇన్ని 4లు, ఇన్ని 2లు ఉండాలన్న కోటా కూడా లేదు.

2: పనిలో కొంత భాగం నిలకడగా అందడం లేదు

ఒకే విషయం మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది, లేదా వారి పనిని మరొకరు సరిచేయాల్సి వస్తోంది. 2 వేయాలంటే ఆ లోపం గురించి ఏడాదిలోనే వారికి చెప్పి ఉండాలి, చెప్పిన తేదీ ఫారంలో ఉండాలి. మార్చిలో మొదటిసారి వినిపించే ఫిర్యాదుకు 2 చెల్లదు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు నిండనివారికి అంకె వద్దు, ‘శిక్షణలో’ అని రాయండి. బాయిలర్ మూలపడి ఉత్పత్తి తగ్గితే అది ఆపరేటర్ ఖాతాలోకి రాదు.

1: కనీస స్థాయికి చేరలేదు

రాతపూర్వకంగా హెచ్చరించి, నేర్పించి, గడువిచ్చినా మారనివారికి ఇది. ఒక్క మినహాయింపు ఉంది. తేమ రిజిస్టరులో చూడని అంకె రాయడం, తిరస్కరించిన సరుకును మంచి సరుకులో కలపడం రుజువైతే హెచ్చరిక లేకపోయినా 1 వేయవచ్చు. అలాంటిది జరిగితే మదింపు దాకా ఆగకుండా అదే రోజు నాకు తెలియజేయాలి.

అంకె వేసేటప్పుడు

ఉత్పత్తి, నాణ్యత, శుభ్రత-భద్రత, హాజరు, సహకారం: ఈ అయిదింటికీ వేర్వేరుగా మార్కు వేయండి. చేయి చురుకైన మనిషి తలకు టోపీ పెట్టుకోకపోతే ఉత్పత్తిలో 4, శుభ్రతలో 2 రావచ్చు. ఒక గుణం చూసి ఫారం అంతా నింపవద్దు.

మూడున్నరలు ఉండవు. 3, 4 మధ్య ఊగుతుంటే 4కు సాక్ష్యం రెండు వాక్యాల్లో రాయడానికి ప్రయత్నించండి. రాయలేకపోతే అది 3.

స్థానిక పిక్కలు దిగే ఈ నెలలో అందరూ పరుగుల మీద ఉంటారు, అందరూ మెరుగ్గానే కనబడతారు. వర్షాకాలంలో పని ఎలా సాగిందో కూడా రిజిస్టర్లు తీసి చూడండి.

మంజూరైన సెలవుకు హాజరులో కోత లేదు. ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చే మనవాళ్లలో కొందరు తామే డయాలసిస్‌కు వెళ్తున్నారు, కొందరు ఇంట్లోవాళ్లను తీసుకెళ్తున్నారు. చెప్పి వెళ్లిన ఆ రోజులను గైర్హాజరుగా లెక్కపెట్టవద్దు. తుపానుకు కరెంటు పోయిన రోజులను ఉత్పత్తి లక్ష్యం నుంచి తీసేయండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఈ ప్రాంతం ఎన్ని రోజులు చీకట్లో ఉందో ఇక్కడివారికి చెప్పక్కరలేదు.

కారణం ఇలా రాస్తే పనికిరాదు: ‘మంచి వర్కర్, కష్టపడతారు, 4.’ ఇలా రాస్తే పనికొస్తుంది: ‘ఆగస్టులో ముగ్గురు కొత్తవారికి పీలింగ్ నేర్పారు, సెప్టెంబరు లాటు రిపోర్టుల్లో ఆ బల్ల ముక్కల శాతం తగ్గింది. నవంబరులో కత్తులు మొద్దుబారిన సంగతి ముందే చెప్పి మార్పించారు. 4.’

ఏప్రిల్ 6 సోమవారం ఉదయం పది గంటలకు ఆఫీసులో కలుద్దాం. అప్పటివరకు మార్కులు పెన్సిలుతోనే ఉంచండి. ప్రతి విభాగం నుంచి ఒక 2, ఒక 3, ఒక 4 ఫారాలను పేర్లు కనబడకుండా చదువుతాం. మిగతావారు తామైతే ఎంత వేసేవారో చెబుతారు. అంకెలు కలవని చోట రిజిస్టరు తెరుస్తాం. ఆ తర్వాతే పెన్నుతో రాయాలి. ఏప్రిల్ 15లోగా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి వారి అంకె, దాని కారణం మీరే చెప్పి సంతకం తీసుకోండి. ఒప్పుకోనివారు తమ అభ్యంతరాన్ని అదే ఫారం వెనుక రాయవచ్చు. వాటిని నేను స్వయంగా చూస్తాను.

యూనిట్ మేనేజర్