విషయం: మీ దగ్గరున్న ఆఫర్ గడువు, మా వైపు మిగిలిన పని

మాధవి గారూ, నమస్తే.

చేతిలో ఇంకో ఆఫర్ ఉందని నిన్న ఫోనులో మీరే చెప్పడం నాకు ఎంతో మేలు చేసింది. ఈ మాట చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. గడువు ముగిసే రాత్రి వరకు మనసులోనే దాచుకుని, ఆ కంగారులోనే ఏదో ఒకటి తేల్చేస్తారు. మీ విషయంలో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

నేను అడగదలచుకున్నది ఒక్కటే. వాళ్లకు మీరు ఏ తేదీలోగా జవాబు చెప్పాలి? ఆ కంపెనీ పేరు, జీతం వివరాలు నాకు అవసరం లేదు. తేదీ ఇంకా ఖరారు కాకపోతే ఆ మాటే రాయండి.

మా వైపు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. మీకు ఇంకా ఒక్క రౌండే మిగిలింది, ఇంజినీరింగ్ హెడ్‌తో శుక్రవారం మూడు గంటలకు. ఆయన అభిప్రాయం సోమవారానికి నా చేతికొస్తుంది. ఎంపికైతే జీతం ఆమోదానికి మరో రెండు పనిదినాలు పడుతుంది. అంటే అన్నీ సవ్యంగా జరిగితే ఆఫర్ లెటర్ బుధవారం సాయంత్రానికి వస్తుంది. మీ గడువు అంతకంటే ముందే ఉంటే రౌండును రేపటికి జరపమని అడుగుతాను. కుదరకపోతే ఆ మాట కూడా అదే రోజు మీకు చెబుతాను. ఎంపిక అవుతుందని ఇప్పుడే మాట ఇవ్వలేను. నా మాట నమ్ముకుని మీరు చేతిలో ఉన్నదాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

మంగళవారం ఇంటర్వ్యూ గురించి ఒక మాట. చెల్లింపు మధ్యలో నెట్‌వర్క్ తెగి, అదే అభ్యర్థన రెండోసారి వస్తే ఖాతాదారు డబ్బు రెండుసార్లు పోకుండా ఎలా ఆపాలో మీరు గీసి చూపించారు కదా, ఆ బొమ్మను మా వాళ్లు చెరపలేదు. బుధవారం ఉదయం టీమ్ మీటింగులో దాని ముందే నిలబడి మాట్లాడుకున్నారు. మిమ్మల్ని తొందరపెట్టడానికి చెప్పడం లేదు. మీ పని ఎలా కనిపించిందో మీకు తెలియాలి.

వాళ్లను గడువు పెంచమని అడగాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. విశాఖ నుంచి హైదరాబాదుకు ఇల్లు మార్చడం, పాప బడి, ఇప్పుడున్న చోట 60 రోజుల నోటీసు, ఇవన్నీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయాలు. ఎవరి ఆఫర్‌కు ఒప్పుకున్నా, సంతకం చేసిన లెటర్ చేతికి వచ్చే దాకా రాజీనామా మాత్రం ఇవ్వకండి.

అటువైపే వెళ్లాలని ఇప్పటికే అనుకుని ఉంటే ఒక్క వాక్యం రాయండి చాలు. కారణం అడగను, శుక్రవారం రౌండు నేనే రద్దు చేయిస్తాను.

రేపు పది నుంచి ఒంటిగంట వరకు ఫోనుకు అందుబాటులో ఉంటాను. మాట్లాడే వీలు లేకపోతే తేదీ ఒక్కటి మెసేజ్ పెట్టండి.

సునీత
నియామకాల విభాగం, హైదరాబాద్