చిన్నాకి: 52 నుంచి 57 కిలోల దాకా తిండి లెక్క

ఒరేయ్ చిన్నా,

నువ్వు పంపిన ఏడు రోజుల తిండి చిట్టా నిన్న రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక కూర్చుని లెక్కేశాను. "ఎంత తిన్నా ఒంటికి పట్టట్లేదక్కా" అంటావు. పట్టడానికి ముందు లోపలికి వెళ్ళాలి కదరా! ఆదివారం బిర్యానీ తిన్న రోజు 2,900 కేలరీలు వచ్చాయి, నిజమే. నీకు గుర్తుండేది ఆ ఒక్క రోజే. మంగళ, గురువారాల్లో పొద్దున్నే ల్యాబ్ ఉందని టిఫిన్ మానేశావు, ఆ రెండు రోజులూ 1,700 దాటలేదు. మిగతా నాలుగు రోజులూ 2,100 చొప్పున. వారం సగటు తీస్తే కూడా 2,100 దగ్గరే తేలింది. ప్రొటీన్ సగటు 48 గ్రాములు. కాబట్టి నీ ఒంట్లో లోపమేం లేదు, నీ మంగళవారంలోనే ఉంది.

పోయిన నెల చేయించిన రక్తపరీక్షల్లో థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ మూడూ బాగానే ఉన్నాయి కాబట్టే ధైర్యంగా ఈ లెక్క రాస్తున్నాను. మధ్యలో ఎప్పుడైనా సరిగ్గా తింటున్నా బరువు తగ్గుతుంటే, సాయంత్రాలు జ్వరం వస్తుంటే, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ఈ కాగితం పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళు. టీబీ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. అప్పుడు నాకు ఫోన్ చేసి గుడ్లు పెంచనా అని అడగొద్దు.

ఇక అంకెలు. నీ ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 52, వయసు 20. ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ 17. కనీసం 18.5 ఉండాలి, నీ ఎత్తుకి అది 57 కిలోల దగ్గర వస్తుంది. అందుకే మొదటి గమ్యం 57 అన్నాను. జిమ్‌లో మీవాళ్ళు చెప్పే 70 సంగతి తర్వాత చూద్దాం. ఒళ్ళు కదలకుండా పడుకున్నా రోజుకి ఎన్ని కేలరీలు ఖర్చవుతాయో చూడ్డానికి ఆసుపత్రిలో మేం వాడే సూత్రం ఇది:

10 × 52 + 6.25 × 175 − 5 × 20 + 5 = 1,519

దీన్ని కాలేజీ నడక, వారానికి మూడు రోజుల జిమ్ కలిపి 1.55తో హెచ్చిస్తే 2,350 వస్తుంది. కానీ మూడు నెలలుగా 2,100 తింటూ నీ బరువు 52 దగ్గరే ఆగి ఉంది. అంటే అసలు ఖర్చు సూత్రం చెప్పినంత లేదన్నమాట. నువ్వు రాయడం మర్చిపోయిన టీలు, బిస్కెట్లు, ఫ్రెండు ప్లేట్లోంచి లాగిన సమోసా ముక్కలు కూడా ఉంటాయి కాబట్టి రెంటికీ మధ్యలో 2,250 పట్టుకున్నాను. సూత్రం కంటే తూకం యంత్రాన్నే ఎక్కువ నమ్ముతాను నేను. ఈ అంకె తప్పైతే మూడు వారాల్లో అదే చెబుతుంది.

2,250 మీద 350 కలుపుతున్నాం. మొత్తం 2,600. వెయ్యి కలిపేస్తే ఇంకా త్వరగా పెరుగుతాను కదా అని నువ్వు అడుగుతావని తెలుసు. కండ కట్టే వేగానికి ఓ హద్దు ఉంది, దాన్ని మించి తిన్నదంతా పొట్ట చుట్టూ చేరుతుంది. చేతులు పుల్లల్లా ఉండి పొట్ట ముందుకొచ్చిన కుర్రాళ్ళు మా ఓపీలో రోజూ కనిపిస్తారు. ఇంకో సంగతి, అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు 1999లో 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజూ 1,000 కేలరీలు అదనంగా పెట్టి చూశారు. ఒకరికి అర కిలో కూడా కొవ్వు చేరలేదు, ఇంకొకరికి నాలుగు కిలోలు దాటింది. పెద్ద తేడా ఎక్కడొచ్చిందంటే, తిండి పెరగ్గానే కొందరు తమకే తెలియకుండా ఎక్కువ కదిలారు. ఫోన్ మాట్లాడుతూ వరండా అంతా తిరిగే నువ్వు ఆ జాతే అని నా అనుమానం. కాలు ఊపడం మానెయ్యమనను, రెండు వారాలకోసారి లెక్క సరిచూసుకుందాం, అంతే.

ఒకేసారి 2,600కి ఎగబాకకు. మొదటి పది రోజులు 2,400 చాలు. కడుపు అలవాటు పడకుండా పాలు, పల్లీలు, శనగలు ఒక్కసారిగా దించితే గ్యాసుతో క్లాసులో నువ్వూ పక్కవాడూ ఇద్దరూ ఇబ్బంది పడతారు.

ప్రొటీన్ విషయానికొస్తే, హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు అంటుంది. నీకది 43. నువ్వు తింటున్న 48 ఆ లెక్కన సరిపోయినట్టే. కానీ బరువులెత్తి కండ పెంచుకోవాలనుకునేవాళ్ళకి అది చాలదు, 1.6 దగ్గర పెట్టుకోవాలి. 52ని 1.6తో హెచ్చిస్తే 83. నీ బరువు పెరిగేకొద్దీ మార్చుకుంటూ పోకుండా ఇప్పుడే 90 అని రాస్తున్నాను. 2,600లో ప్రొటీన్ వాటా 360 కేలరీలు, కొవ్వు 75 గ్రాములు అంటే 675, మిగిలిన 1,565 పిండిపదార్థం, సుమారు 390 గ్రాములు. ఈ చివరి రెండూ రోజూ లెక్కపెట్టనక్కర్లేదు. అన్నం, నూనె మన మెస్సుల్లో ఎప్పుడూ తక్కువ కావు.

ఆ 90 ఎలా పంచుకోవాలన్నదే అసలు పని. రాత్రి ఒక్కపూట కోడికూరతో 50 గ్రాములు లాగించేసి, పొద్దుటి నుంచి ఖాళీగా ఉండడం వద్దు. నీ బరువుకి ఒక పూటకి 20, 25 గ్రాములు అందితే బాగుంటుంది. అందుకని మూడు పూటలా 20 దాటేలా, మధ్యలో రెండు చిరుతిళ్ళలో మిగిలింది సర్దాను. మీ మెస్ మెనూ చూసే రాశాను కాబట్టి దొరకనిదేం లేదు.

పొద్దున్న టిఫిన్: ఇడ్లీలు నాలుగు, పల్లీ చట్నీ, సాంబారు, ఉడికించిన గుడ్లు రెండు. సుమారు 515 కేలరీలు, 24 గ్రాముల ప్రొటీన్. ఉప్మా, పొంగల్ ఉన్న రోజు కూడా గుడ్లు మారవు. మంగళ, గురువారాల్లో ఇడ్లీలకి టైం లేకపోతే రాత్రే కెటిల్‌లో ఉడికించి పెట్టుకున్న గుడ్లు, రెండు అరటిపళ్ళు, ఓ గ్లాసు పాలు. నిలబడి తిన్నా సరే, ఖాళీ కడుపుతో ల్యాబ్‌కి వెళ్ళొద్దు.

పదకొండింటికి: గుప్పెడు వేయించిన పల్లీలు, అంటే 30 గ్రాములు, ఓ అరటిపండు. 270 కేలరీలు, 8 గ్రాములు. పల్లీలు బ్యాగులోనే ఉండాలి, క్యాంటీన్‌కి వెళ్ళి వెతుక్కునే పని పెట్టుకుంటే మూడో రోజు నుంచి మానేస్తావు.

మధ్యాహ్నం: రెండు కప్పుల అన్నం, ఓ కప్పు పప్పు, కూర, ముప్పావు కప్పు గడ్డ పెరుగు, చెంచా నెయ్యి. 780 కేలరీలు, 23 గ్రాములు. ఇక్కడ జాగ్రత్త! పప్పు అంటే ముద్దపప్పో, పాలకూర పప్పో, గరిటె నిలబడేదన్నమాట. మెస్ సాంబారు గిన్నె అడుగున గరిటె తిప్పి ఎత్తితే తప్ప పప్పు రాదు. పలచటి సాంబారు పోసుకుని పప్పు తిన్నానని నాకు రాయకు. అన్నంలో కొరవడిన లైసిన్ అనే ప్రొటీన్ ముక్క పప్పులో ఉంటుంది, అందుకే ఆ రెండూ కలిపి తినాలి. పులిహోర రోజు పప్పు ఉండదు కాబట్టి పెరుగు రెండింతలు చేసుకో.

సాయంత్రం జిమ్‌కి గంట ముందు: వెన్న తీయని పాలు 250 మిల్లీలీటర్లు, ఓ సున్నుండ. 385 కేలరీలు, 12 గ్రాములు. సున్నుండల సంగతి పిన్నితో మాట్లాడేశాను, ఆదివారం పార్సిల్ వేస్తుంది. మినుములు, బెల్లం, నెయ్యి, ఇంతకంటే బరువు పెంచే తిండి నాకు తెలియదు. రూమ్‌మేట్లకి పెట్టు గానీ నెలకి సరిపడా అని గుర్తుంచుకో.

రాత్రి: అన్నం కప్పున్నర కంటే కాస్త ఎక్కువ, కూర, సాంబారు, గుడ్లు రెండు, అర కప్పు పెరుగు. 690 కేలరీలు, 25 గ్రాములు. బుధ, ఆదివారాల్లో చికెన్ ఉంటుంది కాబట్టి గుడ్లు మానేసి ఎముకలు తీసేసిన ముక్కలు 100 గ్రాములు తిను, దాంట్లోనే 26 వస్తాయి. వట్టి గ్రేవీలో ఏమీ ఉండదు, ముక్క అడుగు.

అంతా కూడితే 2,640 కేలరీలు, 92 గ్రాములు. ఓ 50 అటూ ఇటూ అయితే కంగారు పడకు.

శనివారం నువ్వు గుడ్డు ముట్టవు కదా. నాలుగు గుడ్లు పోతే 24 గ్రాములు పోయినట్టే. ఆ రోజు అదనంగా ఓ గ్లాసు పాలు, 50 గ్రాముల పుట్నాలు, ఓ కప్పు పెరుగు చేర్చుకో, 24 తిరిగొచ్చేస్తాయి. మీల్ మేకర్ కూడా మంచిదే. ఎండువి 50 గ్రాములు వేడినీళ్ళలో నానబెట్టి, పిండి, కూరలో కలుపుకుంటే 26 గ్రాములు. రుచి మాత్రం నన్ను అడక్కు.

మూడు వేలు పెట్టి బరువు పెంచే పొడి, ఆ గెయినర్ డబ్బా కొంటానన్నావు. డబ్బా వెనక ఉన్న పట్టిక ఫోటో చూశాను. అందులో ముప్పావు వంతు మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండిపదార్థమే. అన్నం బదులు పిండి కొనుక్కోవడమే. ఆ డబ్బుతో రోజుకి నాలుగు గుడ్లు, పాలు, పల్లీలు, అరటిపళ్ళు నెలన్నర వస్తాయి. పాల నుంచి తీసే వే ప్రొటీన్ పొడి తప్పు కాదు గానీ, 90 తిండిలోనే అందుతుంటే దండగ. జిమ్‌కి వెళ్ళేవాళ్ళు వాడే క్రియాటిన్ పొడి ఇప్పుడొద్దు. అది కండలో నీళ్ళు పట్టి కిలో దాకా పెంచుతుంది, అప్పుడు పెరిగింది తిండి వల్లో దాని వల్లో మనకి తెలియదు.

జిమ్ మూడు రోజులే చాలు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్, రోయింగ్, వారం వారం కాస్త బరువు పెంచుకుంటూ. ట్రెడ్‌మిల్ మీద ముప్పావుగంట పరుగు ఆపు, మనం కలిపిన 350 అక్కడే కరిగిపోతోంది. ఒంటిగంట దాకా రీల్స్ చూడటం గురించి నేను చెప్పను, నీకే తెలుసు.

తూకం రోజూ పొద్దున్నే, దొడ్డికి వెళ్ళొచ్చాక, మంచినీళ్ళు తాగకముందు. ఏ రోజు అంకె ఆ రోజు పట్టించుకోకు, వారం సగటే చూడు. మొదటి వారం కిలో పెరిగినట్టు కనబడొచ్చు, ఎక్కువ తిండి, ఉప్పు పట్టిన నీళ్ళే అవి, స్టేటస్ పెట్టకు. తర్వాత వారానికి 250, 300 గ్రాములు పెరుగుతుంటే ఏమీ మార్చొద్దు. రెండు వారాల సగటు చూసినా వారానికి 150 గ్రాములు దాటకపోతే రాత్రి పడుకునే ముందు ఓ గ్లాసు పాలు చేర్చు. వారానికి అర కిలో మించి పోతుంటే, లేదా బొడ్డు దగ్గర టేపు నెలలో రెండు సెంటీమీటర్లు పైన చూపిస్తే, మధ్యాహ్నం అన్నం అర కప్పు తగ్గించు, గుడ్లు కాదు.

సెమిస్టర్ పరీక్షలప్పుడు కొన్ని రోజులు తప్పుతావు, తెలుసు. తప్పిన రోజుది మర్నాడు రెండింతలు తిని పూడ్చొద్దు, మామూలుగా మొదలుపెట్టు. ఈ లెక్కన సంక్రాంతికి ఇంటికొచ్చేసరికి 57 దగ్గర ఉండాలి. అరిసెల వారం లెక్కలోకి తీసుకోను.

ప్రతి ఆదివారం రాత్రి రెండే అంకెలు పంపు: వారం సగటు బరువు, టిఫిన్ ఎన్ని రోజులు తిన్నావన్నది. ఫోటోలు అక్కర్లేదు. మొదటిది ఈ ఆదివారమే.

అక్క