వడదెబ్బ వీడియో స్క్రిప్ట్: గుంటూరు, అనంతపురం, పలాస

షూట్ విజయవాడలోనే, ఒక్క రోజే. 1, 3, 5 బిట్లు ఒకసారి తీస్తే చాలు, 2, 4 మాత్రం ఊరికొకటి. మారని బిట్లలో ఊరి పేరు గానీ తిండి పేరు గానీ దొర్లితే మొత్తం మళ్లీ తీయాలి, వెనక ప్రకాశం బ్యారేజీ కనపడినా అంతే. చొక్కా మార్చొద్దు.

బిట్ 1, అందరికీ
"పొద్దున పదింటికి బాగానే ఉన్న మనిషి మధ్యాహ్నం రెండింటికి తూలుతున్నాడు, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు. తాగాడేమో అనుకున్నారు పక్కనోళ్లు. తాగలేదండీ, అసలు నీళ్లు కూడా తాగలేదు!"

బిట్ 2, గుంటూరు
"మిర్చి యార్డులో టిక్కీలు మోసేటప్పుడు ఘాటుకి ముక్కూ మూతీ తువ్వాలు చుట్టుకోక తప్పదు. అది విప్పి తాగడానికి బద్ధకం. కాటా అయ్యాక తాగుదాంలే అంటాం."

బిట్ 2, అనంతపురం
"ఉపాధి పనిలో కుంట తవ్వుతుంటే చెమట పట్టినట్టే ఉండదు, పొడిగాలికి పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు పోతున్నట్టు తెలీదు. ఈ కొలత అయ్యాక తాగుదాంలే అంటాం."

బిట్ 2, పలాస
"జీడితోటలో పిక్కలు ఏరుతుంటే నీడే కదా అనిపిస్తుంది. కానీ సముద్రం గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. బుట్ట నిండాక తాగుదాంలే అంటాం."

మూడూ "తాగుదాంలే అంటాం" దగ్గరే ఆగాలి, ఎందుకంటే తర్వాతి బిట్ ఆ మాట పట్టుకునే మొదలవుతుంది. యాస పెట్టొద్దు, మనం "ఏటి" అంటే పలాసవాళ్లు నవ్వుతారు, అది మంచి నవ్వు కాదు.

బిట్ 3, అందరికీ
"ఆ తాగుదాంలేతోనే వస్తుంది చిక్కు. ఒళ్లు కాలిపోతూ మనిషి తికమకగా మాట్లాడుతుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

బిట్ 4
గుంటూరు: "పనికి వెళ్లేముందు చద్దన్నం, సీసాలో ఉప్పేసిన మజ్జిగ."
అనంతపురం: "మజ్జిగ కలిపిన రాగి అంబలి."
పలాస: "చోడి అంబలి, లేదంటే తరవాణి."
రాగులూ చోళ్లూ ఒకటేగా, ఒకే బిట్ సరిపోదా అని ఎడిటర్ అడిగాడు. సరిపోదు. రాగి అంటే పలాసలో అర్థమవుతుంది, కానీ మన వంటింటి మాట కాదే అనిపిస్తుంది.

బిట్ 5, అందరికీ
"అవేవీ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, అన్నీ తలగొట్టి కొలిచి కలపండి. బాత్రూమ్ లేదని నీళ్లు మానేసే అక్కలూ, మేస్త్రీని గట్టిగా అడగండి. దాహం వేసేదాకా ఆగొద్దు."